జనరేటర్‌కు కొత్త ఇంజన్ వచ్చింది, మరి పాతది పుస్తకాల్లోంచి పోయిందా?

మిర్యాలగూడ చుట్టుపక్కల బాయిల్డ్ రైస్ మిల్లుల్లో జనరేటర్ మోత రోజంతా వినిపించదు. కరెంటు ఉన్నంతసేపు అది షెడ్డులో ఊరికే ఉంటుంది. కానీ డ్రయ్యర్ నిండా ఉడికిన వడ్లు ఉన్నప్పుడు లైన్ పోయిందంటే పరిస్థితి వేరు. ఫ్యాన్లు ఆగుతాయి, ఎలివేటర్లు ఆగుతాయి, బాయిలర్‌కు నీళ్ళు తోడే పంపు ఆగుతుంది. వడ్లు రంగు మారేలోపు జనరేటర్ అందుకోవాలి. అందుకే వానాకాలం పంట మిల్లుకు రాకముందే ఇంజన్ చెడిపోతే, సిలిండర్లకు బోరు పని చేయించి చూద్దామని ఎక్కువ రోజులు ఆగరు. కొత్త ఇంజన్ తెచ్చి బిగిస్తారు.

షెడ్డులో ఆ పని రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. పుస్తకాల్లో మాత్రం చాలాసార్లు సగమే అవుతుంది. కొత్త ఇంజన్ బిల్లు స్థిరాస్తిలోకి ఎక్కుతుంది కానీ పాత ఇంజన్ అక్కడి నుంచి దిగదు. చాలా మిల్లుల్లో జనరేటర్‌ను మొదట కొన్నప్పుడు ఇంజన్, అది తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, ప్యానెల్, శబ్దం రాకుండా వేసే క్యానపీ అన్నీ కలిపి ఒకే బిల్లు వస్తుంది, ఆస్తుల రిజిస్టర్‌లో ఒకే వరుస పడుతుంది. ఆ వరుసలో పాత ఇంజన్ వాటా ఎంతో ఎక్కడా రాసి ఉండదు కాబట్టి దాన్ని అలాగే వదిలేస్తారు. అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం అది తప్పు. వాటా రాసి లేకపోయినా అంచనా వేసి తీసేయాల్సిందే.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క చూద్దాం. అంకెలు లెక్క సులువుగా అర్థం కావడానికి వేసుకున్నవి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా ఉన్న ఒక మిల్లు 2017 ఏప్రిల్ 1న 250 కేవీఏ జనరేటర్ సెట్‌ను 18,00,000 రూపాయలకు కొని అదే రోజు వాడకంలోకి తెచ్చింది. జీవితకాలం 15 ఏళ్ళు అనుకుంది. ఏటా సమానంగా తరుగుదల వేస్తోంది. చివర్లో మిగిలే విలువ సున్నా అనుకుందాం. అంటే ఏడాదికి 1,20,000 రూపాయల తరుగుదల. 2025 సెప్టెంబరు చివరి వారంలో ఆయిల్ ప్రెషర్ పడిపోయి, బేరింగులు పట్టేసి, కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజన్ బ్లాక్‌కు బొక్క పడింది. బ్లాక్ పగిలాక రిపేరు మాట లేదు. అక్టోబరు 1న కొత్త ఇంజన్ బిగించి, లోడు పెట్టి చూసి, అదే రోజు వాడకం మొదలుపెట్టారు. ఆల్టర్నేటర్, ప్యానెల్, క్యానపీ, కింది ఫ్రేము పాతవే.

ఇది రిపేరు ఎందుకు కాదు?

మొదట వచ్చే వాదన ఇది: "జనరేటర్ ముందూ 250 కేవీఏనే, ఇప్పుడూ 250 కేవీఏనే. సామర్థ్యం పెరగలేదు, కొత్తగా ఒరిగింది ఏమీ లేదు. కాబట్టి మొత్తం రిపేర్ల ఖాతాలో రాసేద్దాం." ఈ వాదన పూర్తిగా గాలిలోంచి వచ్చింది కాదు. స్థిరాస్తుల లెక్క ఎలా రాయాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 10 పాత రూపంలో ఉన్న రోజుల్లో, ఒక ఆస్తి ముందు ఇస్తుందనుకున్న ప్రయోజనం కంటే ఎక్కువ ఇచ్చేలా చేసిన ఖర్చునే ఆస్తి విలువకు కలిపేవారు. అప్పట్లో పని నేర్చుకున్న వారికి ఆ కొలత చేతికి అలవాటైపోయింది.

2016లో సవరించిన ఏఎస్ 10 ఆ కొలతను తీసేసింది. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 16 కూడా ఇదే దారిలో ఉంది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఈ భాగం వల్ల ముందు ముందు కంపెనీకి ప్రయోజనం వస్తుందా? దాని ఖర్చును నమ్మకంగా లెక్కకట్టగలమా? కొత్త ఇంజన్ విషయంలో రెండింటికీ జవాబు అవుననే. సామర్థ్యం పెరిగిందా లేదా అన్నది ఇక్కడ అడగాల్సిన పని లేదు. ఫిల్టర్లు, ఆయిల్, బెల్టులు మార్చడం, ఇంజెక్టర్లు శుభ్రం చేయించడం లాంటి రోజువారీ సర్వీసు మాత్రం ఎప్పటిలాగే ఖర్చు కిందే పోతుంది. ఆ పనికి కూలీ, చిన్న చిన్న విడిభాగాలు తప్ప కొత్తగా నిలిచే ఆస్తి ఏదీ ఉండదు.

ఇంజన్ ఒక విడి భాగమా అన్న సందేహం ఉంటే షెడ్డులోకి వెళ్ళి చూస్తే తీరిపోతుంది. డీజీ సెట్, అంటే డీజిల్ జనరేటర్ మీద సాధారణంగా రెండు వేర్వేరు నేమ్ ప్లేట్లు కనిపిస్తాయి. ఒకటి ఇంజన్ బ్లాక్ మీద ఉంటుంది, దాని మీద ఇంజన్ నంబరు, హార్స్ పవర్, తిరిగే వేగం ఉంటాయి. ఇంకొకటి ఆల్టర్నేటర్ మీద ఉంటుంది, దాని మీద కేవీఏ, వోల్టేజీ, వేరే సీరియల్ నంబరు ఉంటాయి. చాలాసార్లు రెండింటి తయారీదారులు కూడా వేరు. మధ్యలో కప్లింగ్ వేసి కలిపిన రెండు యంత్రాలవి. ఇంజన్ అరిగేది నడిచిన గంటలను బట్టి, ఆయిల్ ఎంత సక్రమంగా మార్చారన్నదాన్ని బట్టి. ఆల్టర్నేటర్‌కు ఎక్కువగా హాని చేసేవి వైండింగ్‌కు తగిలే వేడి, తేమ, మిల్లు దుమ్ము. రెండు భాగాల జీవితకాలాలు వేరైనప్పుడు, అందులో ఒకటి మొత్తం ఖరీదులో పెద్ద వాటా అయినప్పుడు, వాటికి విడివిడిగా తరుగుదల వేయాలని కంపెనీల చట్టం 2013లోని రెండో షెడ్యూలు కూడా చెబుతుంది. 2015 ఏప్రిల్ నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు అది తప్పనిసరి. నిజానికి 2017లో కొన్న రోజే ఈ జనరేటర్‌ను రెండు వరుసలుగా రాసి ఉండాల్సింది. రాయలేదు. ఇప్పుడొచ్చిన చిక్కంతా అక్కడి నుంచే.

బిల్లును విడదీయడం

డీలర్ పంపిన బిల్లులో ఇలా ఉందనుకుందాం. కొత్త ఇంజన్ 12,00,000. లారీ కిరాయి, క్రేన్ 25,000. కప్లింగ్, అలైన్‌మెంట్, ట్రయల్ రన్ 20,000. ఇంజన్ వచ్చేదాకా పెట్టిన అద్దె జనరేటర్‌కు 72,000. పనిలో పనిగా ఆల్టర్నేటర్ వోల్టేజీ రెగ్యులేటర్ కార్డు మార్చినందుకు 6,000. చివర్లో పాత ఇంజన్ తీసుకున్నందుకు 80,000 తగ్గింపు. మిల్లు కట్టాల్సిన నికరం 12,43,000. జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటున్నారు కాబట్టి అది ఈ లెక్కలో లేదు. క్రెడిట్ రాని మిల్లు అయితే ఇంజన్ మీద, బిగింపు మీద కట్టిన పన్ను కూడా ఇంజన్ ఖరీదులో కలుస్తుంది.

చాలాచోట్ల ఆ 12,43,000ను ఉన్నదున్నట్టుగా జనరేటర్ ఖాతాకు రాసేస్తారు. అది సరికాదు. ఇంజన్ ఖరీదు అంటే ఇంజన్ ధర, దాన్ని షెడ్డుకు చేర్చి, బిగించి, నడిచే స్థితికి తెచ్చిన ఖర్చు. అంటే 12,00,000కు 25,000, 20,000 కలిపి 12,45,000. అద్దె జనరేటర్ ఇంజన్‌ను నడిచే స్థితికి తేలేదు, ఆ రోజుల్లో మిల్లును నడిపించింది. అది ఈ ఏడాది ఖర్చు. రెగ్యులేటర్ కార్డు ఆల్టర్నేటర్‌కు చేసిన చిన్న రిపేరు, అదీ ఖర్చే. ఇక 80,000 తగ్గింపు పాత ఇంజన్‌ను అమ్మితే వచ్చిన ధర. డీలర్ దాన్ని అదే కాగితం మీద తగ్గించి చూపినంత మాత్రాన కొత్త ఇంజన్ చవకైపోదు.

గమ్మత్తేమిటంటే తప్పు అంకెకూ సరైన అంకెకూ తేడా 2,000 రూపాయలే. ఆడిటర్ మొత్తాన్ని మాత్రమే చూస్తే అనుమానం రాదు. కానీ లోపల 78,000 ఖర్చు ఆస్తిలో దాక్కుంది, 80,000 అమ్మకం కనిపించకుండా పోయింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి. అందుకే ఇలాంటి బిల్లును మొత్తం చూసి కాకుండా వరుస వరుసా చదివి ఖాతాల్లో రాయాలి.

పాత ఇంజన్ విలువ ఎంత?

అసలు కష్టం ఇక్కడ ఉంది. 2017 బిల్లులో 18,00,000 అని మాత్రమే ఉంది. అందులో ఇంజన్ వాటా తెలియాలి. తెలిశాక దాని మీద ఇప్పటిదాకా పడిన తరుగుదలను తీసేస్తే పుస్తక విలువ వస్తుంది.

ముందు చేయాల్సిన ప్రయత్నం పాత కాగితాలు వెతకడం. కొనే ముందు డీలర్ ఇచ్చిన కొటేషన్‌లో భాగాల ధరలు విడిగా ఉండొచ్చు. బ్యాంకు టర్మ్ లోన్ కోసం ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టులో ఉండొచ్చు, బీమా కోసం చేయించిన వాల్యుయేషన్‌లో ఉండొచ్చు. అలాంటి కాగితం ఒక్కటి దొరికినా, దాన్ని మించిన అంచనా ఉండదు.

ఏమీ దొరకనప్పుడు ప్రమాణమే ఒక దారి చూపిస్తుంది. తీసేసిన భాగం పుస్తక విలువ తేల్చడం ఆచరణలో సాధ్యం కాకపోతే, కొత్త భాగం ఖరీదును బట్టి పాతది కొన్న రోజున ఎంత ఉండేదో సూచనగా తీసుకోవచ్చని ఇండ్ ఏఎస్ 16లోని 70వ పేరా అంటుంది. ఏఎస్ 10లోనూ ఇదే మాట ఉంది. ఇక్కడ 'సూచన' అన్న మాటను పట్టుకోవాలి. కొత్త ధరనే పాత ధరగా పెట్టుకోమని దాని అర్థం కాదు.

అలా పెట్టుకుంటే ఏమవుతుందో చూద్దాం. 12,00,000 పాత ఇంజన్ ఖరీదు అనుకుంటే, 18,00,000 జనరేటర్‌లో మూడింట రెండు వంతులు ఇంజనే అయిపోతుంది. ఆల్టర్నేటర్, ప్యానెల్, క్యానపీ, ఫ్రేము అన్నిటికీ కలిపి 6,00,000 మిగులుతుంది. ఎనిమిదిన్నరేళ్ళలో పెరిగిన ధర మొత్తాన్నీ పాత ఇంజన్ నెత్తిన రుద్దినట్టే. పైగా 2023 జులై నుంచి జనరేటర్లకు పొగ విషయంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కఠినమైన సీపీసీబీ 4 ప్లస్ నిబంధనలు వచ్చాక కొత్త తరం ఇంజన్లు సాంకేతికంగా చాలా మారాయి. ఆ మార్పుకు పెట్టే ధర 2017 నాటి ఇంజన్‌లో లేదు. కాబట్టి కొత్త ధరను ఏదో ఒక పద్ధతిలో వెనక్కి జరపాలి.

రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది ధరల పెరుగుదలను తీసేయడం. ఏడాదికి 5 శాతం చొప్పున ధర పెరిగిందనుకుంటే ఎనిమిదిన్నరేళ్ళకు సుమారు 1.514 రెట్లు అవుతుంది. 12,00,000ను దానితో భాగిస్తే దాదాపు 7,92,600 వస్తుంది. రెండోది వాటా పద్ధతి. ఈ రోజు ఇలాంటి పూర్తి జనరేటర్ సెట్ కొత్తగా కొంటే 24,00,000 అవుతుందని డీలర్ కొటేషన్ ఇచ్చాడనుకుందాం. అందులో ఇంజన్ 12,00,000, అంటే సగం. అదే వాటాను 2017 ఖరీదుకు వేస్తే 9,00,000 వస్తుంది.

రెండింట్లో వాటా పద్ధతి మేలని ఈ విశ్లేషణ అభిప్రాయం. 5 శాతం అన్న రేటు ఎక్కడి నుంచి తెచ్చారని అడిగితే జవాబు చెప్పడం కష్టం, వాటాకైతే చేతిలో కొటేషన్ కాగితం ఉంటుంది. ఆల్టర్నేటర్ ధర కూడా ఇంజన్‌తో పాటే పెరిగి ఉంటుంది కాబట్టి ధరల పెరుగుదల పైనా కిందా ఉండి చాలావరకు కొట్టుకుపోతుంది. దీనికీ ఒక హద్దుంది. కొటేషన్ అదే కేవీఏకు, అలాంటి క్యానపీకి, అలాంటి ప్యానెల్‌కు తీసుకున్నదై ఉండాలి. కరెంటు పోగానే దానంతట అదే అందుకునే ఆటోమేటిక్ ప్యానెల్ ధరను మామూలు ప్యానెల్ ఉన్న పాత సెట్‌తో పోలిస్తే వాటా తప్పుతుంది.

ఇక పుస్తక విలువకు వద్దాం. ఇక్కడ చాలామంది తొందరపడి 2025 మార్చి 31 నాటి విలువను తీసుకుంటారు. ఆ రోజుకు ఏడేళ్ళు మిగిలి ఉన్నాయి కాబట్టి 9,00,000లో 4,20,000 కనిపిస్తుంది. కానీ ఆ తర్వాత కూడా పాత ఇంజన్ ఆరు నెలలు మిల్లుకు పని చేసింది. ఆ ఆరు నెలల తరుగుదల 30,000ను ముందు వేసి, ఆ తర్వాతే తీసేయాలి. అక్టోబరు 1 నాటికి 15 ఏళ్ళలో ఎనిమిదిన్నరేళ్ళు గడిచాయి, ఆరున్నరేళ్ళు మిగిలాయి. అప్పటిదాకా పడిన తరుగుదల 5,10,000. మిగిలిన పుస్తక విలువ 3,90,000. దాన్ని 80,000కు డీలర్‌కు ఇచ్చారు కాబట్టి నష్టం 3,10,000.

ఈ నష్టాన్ని చూసి యజమానులు ఉలిక్కిపడటం సహజం. "కొత్త ఇంజన్ కొన్నందుకు నష్టమా?" అంటారు. కొన్నందుకు వచ్చింది కాదు. పదిహేనేళ్ళు వస్తుందనుకున్న ఇంజన్ ఎనిమిదిన్నరేళ్ళకే పోయింది, ఆ తేడాయే ఇది. ఏటా తక్కువ తరుగుదల వేసుకుంటూ వచ్చారు, మిగిలింది ఒకేసారి బయటపడింది.

ఖాతాల్లో పడే ఎంట్రీలు ఇలా ఉంటాయి.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పూర్తి జనరేటర్ తరుగుదల: తరుగుదల ఖర్చు డెబిట్ 60,000, పేరుకున్న తరుగుదల క్రెడిట్ 60,000.

పాత ఇంజన్ తీసివేత: పేరుకున్న తరుగుదల డెబిట్ 5,10,000, డీలర్ ఖాతా డెబిట్ 80,000, ఆస్తి తీసివేతపై నష్టం డెబిట్ 3,10,000, జనరేటర్ ఖాతా క్రెడిట్ 9,00,000.

కొత్త ఇంజన్, డీలర్ బిల్లు: జనరేటర్ ఇంజన్ ఖాతా డెబిట్ 12,45,000, అద్దె జనరేటర్ ఖర్చు డెబిట్ 72,000, రిపేర్లు డెబిట్ 6,000, డీలర్ ఖాతా క్రెడిట్ 13,23,000.

రెండు ఎంట్రీలూ పడ్డాక డీలర్ ఖాతాలో 13,23,000 నుంచి 80,000 పోగా 12,43,000 మిగులుతుంది. మిల్లు చెక్కు రాసేది ఆ మొత్తానికే. బిల్లు నికరంతో సరిపోయింది, లోపలి లెక్కా సరిపోయింది.

పాత ఇంజన్ అమ్మిన డబ్బును తవుడు, ఊక అమ్మకాల ఖాతాలోనో, స్క్రాప్ అమ్మకాల్లోనో వేసే అలవాటు కూడా మిల్లుల్లో ఉంది. అలా వేస్తే 80,000 ఆదాయంగా కనిపిస్తుంది, పుస్తక విలువ మాత్రం తీయకుండా వదిలేసిన ముల్లులా మిగిలిపోతుంది. స్థిరాస్తి తీసివేతలో ఒకవేళ లాభం వచ్చినా దాన్ని అమ్మకాల రాబడిలో చూపకూడదన్నది ప్రమాణం చెప్పిన మాటే.

తీయకపోతే ఏమవుతుంది?

పాత ఇంజన్‌ను దించకుండా కొత్తదాన్ని ఎక్కిస్తే, 2026 మార్చి 31న జనరేటర్ మొత్తం ఖరీదు 30,45,000గా కనిపిస్తుంది. షెడ్డులో ఉన్నది ఒకే ఇంజన్, పుస్తకాల్లో ఉన్నవి రెండు. సరైన లెక్కలో పాత జనరేటర్‌లో మిగిలిన భాగాలు 9,00,000, కొత్త ఇంజన్ 12,45,000, మొత్తం 21,45,000.

లాభం మీద ప్రభావం రెండు దశల్లో ఉంటుంది. ఈ ఏడాది చూపాల్సిన నష్టం చూపలేదు కాబట్టి లాభం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఆరున్నరేళ్ళపాటు లేని ఇంజన్ మీద ఏటా 60,000 తరుగుదల పడుతూ లాభాన్ని తగ్గిస్తుంది. ఆరున్నరను 60,000తో గుణిస్తే సరిగ్గా 3,90,000. అంటే ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, తన సంవత్సరం కాని సంవత్సరాల్లో ఖర్చుగా చేరుతోంది. ఈ లోపు బ్యాంకు క్యాష్ క్రెడిట్ లిమిట్ రెన్యూవల్‌కు బ్యాలెన్స్ షీటు అడిగితే, లేని ఆస్తిని చూపించి అప్పు తీసుకున్నట్టవుతుంది. అది చిన్న విషయం కాదు.

దీనికి వ్యతిరేక దిశలో, మొత్తం 12,45,000ను రిపేర్లలో రాసేసినా పాత ఇంజన్ సమస్య తీరదు. అప్పుడు ఈ ఏడాది లాభం బాగా పడిపోతుంది, షెడ్డులో నడుస్తున్న కొత్త ఇంజన్ పుస్తకాల్లో లేకుండా పోతుంది, తుక్కైపోయిన పాతది మాత్రం విలువతో ఉంటుంది.

ఇంజన్ ఆగిన రోజు, తీసేసే రోజు

ఉదాహరణలో ఇంజన్ పాడవడం, మార్చడం వారం తేడాలో జరిగాయి కాబట్టి తేదీ గురించి పేచీ లేదు. అదే పని మార్చి చివర్లో జరిగి ఉంటే? మార్చి 25న బ్లాక్ పగిలింది, కొత్త ఇంజన్ ఏప్రిల్ 10న వచ్చింది అనుకుందాం. నష్టం ఏ ఏడాదిది? కొత్తది వచ్చిన రోజును బట్టి వచ్చే ఏడాదికి నెట్టేయాలని అనిపించవచ్చు. కానీ పాతదాన్ని దించడానికి కొత్తది రావాల్సిన పని లేదు. వాడకం వల్ల గానీ అమ్మకం వల్ల గానీ దానితో ఇక ప్రయోజనం లేదని తేలిన రోజే అది పుస్తకాల్లోంచి పోవాలి. అమ్మితే కొంత వస్తుందని తెలిసి ఆవరణలోనే ఉంచితే, వాడకంలోంచి తీసి అమ్మకానికి పెట్టిన ఆస్తిగా, పుస్తక విలువా, అమ్మితే నికరంగా వచ్చే విలువా ఏది తక్కువైతే దానికి తగ్గించాలని ఏఎస్ 10 చెబుతుంది. మన ఇంజన్‌ను అమ్మితే 80,000 వస్తుంది కాబట్టి మార్చి 31 బ్యాలెన్స్ షీటులో పగిలిన ఇంజన్ సుమారు 80,000 దగ్గరే ఉండాలి, దాని పూర్తి పుస్తక విలువ దగ్గర కాదు. నష్టం ఆ మార్చితో ముగిసే ఏడాదిదే. ఇంజన్ ఏ రోజు ఆగిందో తెలుసుకోవడానికి జనరేటర్ లాగ్ బుక్‌లోని చివరి అవర్ మీటర్ రీడింగ్ మంచి ఆధారం.

మెషినరీ బ్రేక్‌డౌన్ బీమా ఉండి క్లెయిమ్ వస్తే, దాన్ని కూడా కొత్త ఇంజన్ ఖరీదులోంచి తగ్గించకూడదు. ఇంజన్ పోవడం ఒక సంఘటన, పరిహారం ఇంకొకటి, కొత్తది కొనడం మూడోది. మూడింటినీ విడివిడిగానే రాయాలి. పరిహారం వసూలు కావాల్సిన హక్కుగా మారినప్పుడే లాభనష్టాల్లోకి వస్తుంది.

కొత్త ఇంజన్‌కు ఎన్నేళ్ళు?

దీనికి పుస్తకం చూసి చెప్పే జవాబు లేదు, ఆలోచించి తేల్చాలి. పాత జనరేటర్‌లో మిగిలిన భాగాలకు ఇంకా ఆరున్నరేళ్ళే ఉన్నాయి. ఆల్టర్నేటర్ పోయిన రోజు సెట్ మొత్తాన్ని అమ్మేసి కొత్తది కొనాలన్నది మిల్లు ఆలోచన అయితే, కొత్త ఇంజన్ జీవితకాలం కూడా ఈ మిల్లు వరకు ఆరున్నరేళ్ళే. అప్పుడు ఏడాదికి దాదాపు 1,91,500 తరుగుదల పడుతుంది. అలా కాకుండా ఆల్టర్నేటర్ పోతే కొత్త ఆల్టర్నేటర్‌ను ఇదే ఇంజన్‌కు కలుపుదామనుకుంటే, ఇంజన్ సొంత జీవితకాలం, పదేళ్ళనుకుందాం, నిలబడుతుంది. అప్పుడు ఏడాదికి 1,24,500. రెండూ సమర్థించుకోదగ్గవే. కానీ ఏది ఎంచుకున్నా కారణాన్ని కాగితం మీద పెట్టాలి. పాతది ఎనిమిదిన్నరేళ్ళకే పోయింది కదా, కొత్తదానికి పదేళ్ళు ఎలా వేశారని ఆడిటర్ అడగడం న్యాయమే. రోజూ గంటలకొద్దీ నడిచిన జనరేటర్ ఇప్పుడు నెలకు కొన్ని గంటలే నడుస్తోందని లాగ్ బుక్ చూపిస్తే అది జవాబు. ఆ ఆధారం లేకపోతే తక్కువ ఏళ్ళు వేసుకోవడమే మంచిది.

పదేళ్ళ దారిలో వెళ్తే 2026 మార్చి 31న లెక్క ఇలా తేలుతుంది. కొత్త ఇంజన్ మీద ఆరు నెలల తరుగుదల 62,250 పోగా 11,82,750. మిగిలిన పాత భాగాల మీద మరో 30,000 పోగా 3,60,000. మొత్తం 15,42,750. పాత ఇంజన్‌ను దించని పుస్తకాల్లో ఇదే రోజు 19,02,750 ఉంటుంది. తేడా 3,60,000, లేని ఇంజన్ విలువ.

ఆదాయపు పన్ను లెక్క వేరే దారిలో నడుస్తుంది. అక్కడ ఒక్కో యంత్రానికి విడి విలువ ఉండదు, ఒకే రేటున్న యంత్రాలన్నీ ఒక బ్లాక్‌లో ఉంటాయి. కొత్త ఇంజన్‌ను ఆస్తిగా చూపితే దాని ఖరీదు బ్లాక్‌కు కలుస్తుంది, పాతదానికి వచ్చిన 80,000 బ్లాక్‌లోంచి తగ్గుతుంది. పుస్తకాల్లో రాసిన 3,10,000 నష్టాన్ని పన్ను లెక్కలో తిరిగి కలిపేయాలి. ఈ నష్టం చూపిస్తే పన్ను తగ్గుతుందన్న ఆశతో గానీ, పన్ను శాఖ ప్రశ్నిస్తుందన్న టెన్షన్‌తో గానీ దీన్ని మార్చాల్సిన పని లేదు. ఇంకో చిన్న విషయం: ఆ ఏడాది కొన్న యంత్రాన్ని 180 రోజుల కంటే తక్కువ వాడితే పన్ను తరుగుదల సగమే వస్తుంది. అక్టోబరు 1 నుంచి 2026 మార్చి 31 దాకా 182 రోజులు కాబట్టి ఈ మిల్లుకు పూర్తి రేటు వస్తుంది. అదే ఇంజన్ అక్టోబరు 4న నడవడం మొదలైతే 179 రోజులే, సగం పోయేది. అందుకే ట్రయల్ రన్ రిపోర్టు మీద తేదీ, డీలర్ మెకానిక్ సంతకం ఉండేలా చూసుకోవాలి.

చివరగా ఆస్తుల రిజిస్టర్. పాత వరుస "డీజీ సెట్ 250 కేవీఏ, 18,00,000" అని ఉంది. దాన్ని కొట్టేసి కొత్తది రాయకుండా, అదే వరుసలో 9,00,000 తీసివేతను తేదీతో, కారణంతో చూపి, మిగిలిన 9,00,000 ఎదురుగా ఆల్టర్నేటర్ సీరియల్ నంబరు రాయాలి. కింద కొత్త వరుసలో కొత్త ఇంజన్ నంబరు, 12,45,000, జీవితకాలం, వాటా లెక్క వేసిన కొటేషన్ ఫైలు నంబరు. వచ్చే ఏడాది ఆడిటర్ రిజిస్టర్ పట్టుకుని షెడ్డుకు వస్తే, ఇంజన్ బ్లాక్ మీద దుమ్ము తుడిచి ప్లేటు మీది నంబరును ఈ వరుసతో సరిచూసుకుంటాడు. రిజిస్టర్‌లో ఉన్న ప్రతి నంబరూ షెడ్డులో ఉండాలి, షెడ్డులో ఉన్న ప్రతి నంబరూ రిజిస్టర్‌లో ఉండాలి.